పెరుగు పులిసిపోయినా మజ్జిగ కమ్మగా ఉండాలంటే

చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకు, ముందే చెప్పేస్తాను. కమ్మటి పెరుగు చేతిలో ఉంటే మజ్జిగ ఎవరైనా చేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్లలో ఉండేది మాత్రం కమ్మటి పెరుగు కాదు. రాత్రి తోడుపెట్టిన గిన్నె పొద్దున్నే ఫ్రిజ్‌లో పెట్టడం మర్చిపోతాం, మధ్యాహ్నానికి అది నోట పెట్టలేనంత పులిసిపోతుంది. అప్పుడు చాలామంది చేసే పని ఒక్కటే: ఇంకొంచెం ఉప్పు, ఇంకొంచెం అల్లం, ఇంకో రెండు పచ్చిమిర్చి. దాంతో పుల్లటి మజ్జిగ కాస్తా పుల్లగా, ఉప్పగా, కారంగా తయారవుతుంది. పులుపు మాత్రం ఎక్కడికీ పోదు.

అందుకే ముందు మామూలు మసాలా మజ్జిగ ఎలా చేయాలో చెప్పి, ఆ తర్వాత పులుపు సంగతి తీరిగ్గా చూద్దాం.

మామూలు మసాలా మజ్జిగ, ఒక లీటరుకు

ఒక కప్పు పెరుగు తీసుకోండి, అంటే సుమారు పావు కేజీ. దానికి మూడు కప్పుల చల్లటి నీళ్లు. పెరుగు గడ్డగా, చిక్కగా ఉంటే నాలుగో కప్పు కూడా పడుతుంది. దాహం తీరడానికి తాగే మజ్జిగ గ్లాసు గోడకు తెల్లటి పొర అంటకుండా జారిపోవాలి. పొర అంటి అలాగే నిలబడితే ఇంకా నీళ్లు పట్టే మజ్జిగ అన్నమాట. అన్నంలో కలుపుకోవడానికైతే రెండు కప్పుల నీళ్లు చాలు.

నీళ్లు మంచినీళ్లే అయి ఉండాలి. మజ్జిగను మనం కాచం కాబట్టి నీళ్లలో ఏముంటే అది నేరుగా కడుపులోకి పోతుంది. ఐస్ వేసుకున్నా ఇంట్లో పెట్టుకున్న ఐసే మేలు. బండి మీద కొట్టి అమ్మే ఐస్ ఏ నీళ్లతో చేశారో మనకు తెలియదు.

పెరుగులో ముందే నీళ్లన్నీ పోసేయకండి. మొదట పెరుగు ఒక్కటే గిన్నెలో వేసి కవ్వంతో గానీ విస్క్‌తో గానీ ఒక్క నిమిషం చిలకండి. ఉండలన్నీ విడిపోయి ఒకే తీరుగా అయ్యాక అర కప్పు నీళ్లు పోసి మళ్లీ చిలకండి. మిగతా నీళ్లు ఆ తర్వాత. నీళ్లన్నీ ఒకేసారి పోస్తే పెరుగు ముక్కలు నీళ్లలో తేలుతూ కవ్వానికి దొరక్కుండా తిరుగుతాయి. ఎంత చిలికినా అడుగున రవ్వరవ్వగా మిగిలిపోతుంది.

మిక్సీలో వేసేవాళ్లు ఒక్క విషయం చూసుకోవాలి. ఫుల్ క్రీమ్ పాలలో వెన్న శాతం 6, టోన్డ్ పాలలో 3. ఫుల్ క్రీమ్ పాలతో తోడుపెట్టిన పెరుగును, అందులోనూ మీగడతో సహా, మిక్సీలో గట్టిగా తిప్పితే వెన్న పూసలు విడిపోతాయి. మజ్జిగ పైన చిన్న చిన్న పసుపు తెలుపు ముద్దలు తేలుతాయి. అది పాడవడం కాదు, వెన్న పడింది, అంతే. తీసి దాచుకోండి. వెన్న వద్దనుకుంటే మీగడ ముందే పక్కకు తీసి, మిక్సీని రెండు మూడు సార్లు ఆపి ఆపి తిప్పితే సరిపోతుంది.

ఇక మసాలా. రెండు చిన్న పచ్చిమిర్చి, అర అంగుళం అల్లం ముక్క, ఏడెనిమిది కరివేపాకులు, గుప్పెడు కొత్తిమీర. వీటిని రోట్లో ముప్పావు టీస్పూను ఉప్పుతో కలిపి కచ్చాపచ్చాగా దంచండి. ఉప్పు గరుకు వల్ల ఆకులు తొందరగా నలుగుతాయి. మెత్తగా రుబ్బితే మజ్జిగ పచ్చగా, చిక్కగా మారి ఆకు పసరు వాసన వేస్తుంది, అందుకే కచ్చాపచ్చాగానే ఉండాలి. దంచిన ముద్దను మజ్జిగలో కలిపి పది నిమిషాలు ఉంచి వడకట్టండి. పిల్లలకైతే మిరపకాయ దంచకుండా మధ్యలోకి చీల్చి వేసి, తీసేస్తే చాలు.

చివరగా అర టీస్పూను జీలకర్ర పొడి. ఇది పచ్చి జీలకర్ర పొడి కాకూడదు. నూనె లేకుండా చిన్న మంట మీద వేయించి, రంగు ఒక్క ఛాయ ముదిరి వాసన రాగానే దించి, చల్లారాక దంచుకోవాలి. నల్లబడితే చేదు వస్తుంది, ఆ చేదు మజ్జిగలో ఇట్టే తెలుస్తుంది. ఇంగువ ఇష్టమైతే చిటికెడు తీసుకుని చెంచాడు నీళ్లలో కరిగించి కలపండి. పొడిగా చల్లితే ఒక గ్లాసులో అంతా ఇంగువే, ఇంకో గ్లాసులో ఏమీ ఉండదు.

నిమ్మాకు, దబ్బాకు దొరికేవాళ్లు అదృష్టవంతులు. నాలుగు ఆకులు తెచ్చి మధ్య ఈనె తీసేసి, చేత్తో కొంచెం నలిపి మజ్జిగలో వేసి పావుగంట ఉంచండి. ఆ వాసనకు ఇక కొత్తిమీర కూడా అక్కర్లేదు. గంటల తరబడి వదిలేస్తే మాత్రం ఆకు చేదు దిగుతుంది.

అల్లం గురించి ఒక మాట. పచ్చి అల్లంలో పాల ప్రొటీన్లను విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది. గంటా రెండు గంటల్లో తాగేస్తే దానితో ఇబ్బందేమీ లేదు. అల్లం దంచి వేసిన మజ్జిగను రేపటికి దాచితే మాత్రం చేదు ఎక్కుతుంది. అందుకని ఎక్కువ చేసి పెట్టుకునేవాళ్లు ఉత్త మజ్జిగ ఒక సీసాలో, దంచిన మసాలా ఒక డబ్బాలో విడిగా పెట్టుకుని, తాగేటప్పుడు కలుపుకోవడం మంచిది.

పలచటి మజ్జిగ కాసేపు కదలకుండా ఉంటే తెల్లదంతా అడుగుకు దిగి పైన తేట నీళ్లు తేలుతాయి. హోటల్లో ఇలా కనిపిస్తే కొందరు విరిగిపోయిందని వెనక్కి పంపేస్తారు. విరగలేదు, తేరుకుంది. కలిపితే మళ్లీ మామూలే. ఇదే గుణాన్ని పులుపు తీయడానికి వాడుకోబోతున్నాం కాబట్టి గుర్తుపెట్టుకోండి.

పులుపు ఎక్కడ ఉంటుంది

పెరుగులోని బ్యాక్టీరియా పాలలోని చక్కెరను తింటూ లాక్టిక్ ఆమ్లం తయారు చేస్తాయి. పెరుగు తోడుకున్నాక కూడా అవి ఆగవు. వెచ్చగా ఉన్నంతసేపూ పని చేస్తూనే ఉంటాయి. ఫ్రిజ్‌లో పెడితే బాగా నెమ్మదిస్తాయి తప్ప పూర్తిగా ఆగవు, అందుకే మూడో రోజు పెరుగు ఫ్రిజ్‌లో ఉన్నా పుల్లగానే ఉంటుంది.

మనకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఆ ఆమ్లం చాలావరకు పెరుగు గడ్డలో కాదు, దాని చుట్టూ ఉన్న నీళ్లలో కరిగి ఉంటుంది. గరిటెతో పెరుగు తీసిన చోట ఊరే లేత పసుపుపచ్చ తేటను ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని చూడండి, తెలిసిపోతుంది. కాబట్టి పులుపు తగ్గాలంటే ఆ నీళ్లను తగ్గించాలి, లేదా మంచినీళ్లతో పలచన చేయాలి, లేదా ఆమ్లాన్ని కొంత పీల్చుకునేది ఏదైనా కలపాలి. ఉప్పూ కారం ఈ మూడింటిలో దేనికిందకూ రావు. పైగా కొద్దిపాటి ఉప్పు పులుపును ఇంకా ఎత్తి చూపిస్తుంది. అందుకే ఒక నియమం పెట్టుకోండి: పులుపు సరిచేశాకే ఉప్పు, ఆ తర్వాతే మసాలా.

ముందు రుచి చూడండి. కొంచెం పులుపా, బాగా పులుపా, పళ్లు జివ్వుమనేంత పులుపా? మూడింటికీ మందు వేరు.

కొంచెం పుల్లగా ఉంటే నీళ్లు పెంచడమే సరైన పని. కప్పు పెరుగుకు మూడు కప్పులు పోసేవాళ్లు ఐదు పోయండి. మజ్జిగ బాగా పలచబడుతుంది, అయినా ఎండలో తాగడానికి అదే హాయి. ఉప్పు మాత్రం నీళ్లు పెరిగినంత లెక్కగా పెంచకండి, రుచి చూస్తూ వేయండి.

బాగా పుల్లగా ఉంటే నీళ్లొక్కటే సరిపోవు. మజ్జిగ తెల్లటి నీళ్లలా అయిపోతుంది, అయినా పులుపు తగులుతూనే ఉంటుంది. అప్పుడు తేట వంపేయాలి.

తేట వంపేసే పద్ధతి

మా పిన్నిది నరసరావుపేట. మే నెలలో ఒకసారి వాళ్లింట్లో ఉన్నాను. సాయంత్రం నాలుగింటికి చుట్టాలు వస్తున్నామని ఫోన్ చేశారు. ఇంట్లో ఉన్నది రాత్రి తోడుపెట్టి మధ్యాహ్నం దాకా బయటే ఉండిపోయిన అర కేజీ పెరుగు. నేను వేలితో రుచి చూసి, "పిన్నీ, ఇది చింతపండు రసంలా ఉంది, ప్యాకెట్ తెప్పిద్దామా?" అన్నాను. "ఎందుకే డబ్బులు దండగ, రెండు గంటలు టైముందిగా" అని ఆవిడ పొడవాటి స్టీలు గిన్నె తీసింది.

ఆవిడ చేసింది ఇది. పెరుగు మీద మీగడ ముందు తీసేసింది, లేకపోతే అది పైకి తేలి తేటను వంపనివ్వదు. తర్వాత పెరుగును కవ్వంతో మెత్తగా చిలికింది. నేను మిక్సీ తీయబోతే వద్దంది. మిక్సీలో తిప్పితే పెరుగు మరీ సన్నగా నలిగి, నురగ కట్టి, తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది. చిలికిన పెరుగులో లీటరు చల్లటి నీళ్లు పోసి ఒక్కసారి కలిపి, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేసింది. బయట ఎందుకు పెట్టకూడదంటే, ఎండకు ఆ రెండు గంటల్లో మజ్జిగ ఇంకా పులుస్తుంది. చేసిన పని చేసినట్టే పోతుంది.

రెండు గంటల తర్వాత గిన్నె కదపకుండా బయటకు తీస్తే పైన లేత ఆకుపచ్చ పసుపు రంగులో తేట, కింద తెల్లటి మజ్జిగ విడివిడిగా కనిపించాయి. ఆ రంగు పాలలో ఉండే రైబోఫ్లేవిన్ అనే విటమిన్‌ది, పాడైన గుర్తు కాదు. పిన్ని గిన్నెను కొంచెం వంచి, గరిటె వెనక భాగం అడ్డం పెట్టి, పైన తేటను నెమ్మదిగా ఇంకో గిన్నెలోకి వంపింది. తెల్లటి తీగ ఒకటి తేటలోకి రావడం మొదలవగానే ఆపేసింది. మూడు గ్లాసులు, అంటే సుమారు 600 మిల్లీలీటర్లు వచ్చాయి. అంతే కొలతకు మళ్లీ చల్లటి నీళ్లు పోసి చిలికింది.

ఇక్కడ లెక్క ఒకసారి చూడండి. అర కేజీ పెరుగులో ఉండే నీళ్లు, పోసిన లీటరు కలిపితే దాదాపు లీటరున్నర. ఆమ్లం ఆ నీళ్లన్నింటిలో సమంగా కలిసిపోయి ఉంటుంది. అందులో 600 మిల్లీలీటర్లు పారబోశాం కాబట్టి పులుపులో దాదాపు నలభై శాతం బయటికి పోయింది. తెల్లటి పెరుగు మాత్రం గిన్నెలోనే ఉంది. అదే పులుపు తగ్గాలని ఉత్త నీళ్లు పోసి ఉంటే రెండున్నర లీటర్ల దాకా పలచన చేయాల్సి వచ్చేది, అది మజ్జిగ కాదు, పెరుగు గిన్నె కడిగిన నీళ్లు. తేట వంపితే పులుపు పోయి చిక్కదనం నిలుస్తుంది, ఈ పద్ధతిలో ఉన్న లాభం అదే.

ఇంకా పులుపు ఉంటే ఇంకోసారి వంపొచ్చు. రెండుసార్లకు మించి వద్దు. ఆమ్లంతో పాటు పాల తీపి, లవణాలు కూడా తేటలోనే పోతాయి, మూడోసారికి మజ్జిగ రుచీ పచీ లేకుండా చప్పబడుతుంది. వంపిన తేట పారబోయక్కర్లేదు. చపాతీ పిండి కలపడానికి, రవ్వ దోసెల పిండికి బాగుంటుంది. పిన్ని ఆ రోజు దాంతోనే రాత్రి చపాతీల పిండి కలిపింది, మెత్తగా వచ్చాయి.

కొన్ని ప్యాకెట్ పెరుగులు గడ్డగా ఉండేలా తయారు చేస్తారు, వాటి తేట అంత తొందరగా విడిపోదు. రెండు గంటలకు బెత్తెడు తేట కూడా రాకపోతే ఇంకో గంట చూడండి, లేకపోతే కింద చెప్పిన పాల దారి పట్టండి.

పాలు కలపడం

టైము లేనప్పుడు ఇదే మేలు. కాచి, పూర్తిగా చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టిన పాలు లీటరు మజ్జిగకు పావు గ్లాసుతో మొదలుపెట్టి రుచి చూస్తూ అర గ్లాసు దాకా కలపొచ్చు. పాలలోని ప్రొటీన్లు, లవణాలు ఆమ్లాన్ని కొంత పట్టేసుకుంటాయి. పాలలో ఉండే సన్నటి తీపి మిగతా పులుపును మెత్తబరుస్తుంది. రెండూ కలిసి పని చేస్తాయి కాబట్టి కొద్ది పాలకే తేడా బాగా తెలుస్తుంది.

ఇక్కడ వరస ముఖ్యం. పులిసిన పెరుగులో నేరుగా పాలు పోస్తే పాలు విరిగి సన్నటి పలుకులు పడతాయి. ముందు నీళ్లు పోసి మజ్జిగ పలచన చేయండి, తర్వాత చల్లటి పాలు సన్నటి ధారగా పోస్తూ కలపండి. గోరువెచ్చటి పాలు అస్సలు వద్దు, వేడికి ఇంకా తొందరగా విరుగుతాయి. పచ్చి పాలు కూడా వద్దు, కాచని పాలను మజ్జిగలో కలిపి తాగడంలో లేనిపోని టెన్షన్.

పాలు కలిపిన మజ్జిగ దాచుకునేది కాదు. బ్యాక్టీరియా ఇంకా బతికే ఉన్నాయి, వాటికి మీరు కొత్తగా మేత వేశారు. బయట ఉంచితే గంటా రెండు గంటల్లో మళ్లీ పులుపు ఎక్కుతుంది. కలిపారంటే తాగేయాలి.

చిటికెడు పంచదార గురించి కూడా చెప్పాలి. అది పులుపును తగ్గించదు, నాలుకకు కనపడకుండా చేస్తుంది. లీటరుకు అర టీస్పూను వేస్తే తీపి తెలియదు, పులుపు కోస్తున్నట్టు అనిపించదు. తేట వంపాక ఇంకొంచెం మిగిలిన పులుపుకు ఇది చాలు. పంచదారతోనే మొత్తం పని కానిద్దామంటే అది పానకంలోకి దిగుతుంది.

వంటసోడా కొందరు వేస్తారు. పని చేస్తుందన్న మాట నిజమే, సోడా ఆమ్లాన్ని విరిచేస్తుంది, బుస్సుమని నురగ వస్తుంది. కానీ చిటికెడు ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, దాన్ని ఇక ఏం చేసినా తీయలేం. సోడాలో సోడియం కూడా ఉంటుంది కాబట్టి బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు మీద ఉప్పు వేసినట్టే. నేనైతే వాడను.

ఇప్పటికే పుల్లగా ఉన్న మజ్జిగలో నిమ్మకాయ పిండకండి. చెప్పనవసరం లేదనుకుంటాం గానీ, మసాలా మజ్జిగ అంటే నిమ్మకాయ ఉండాల్సిందే అన్న అలవాటులో చాలామంది పిండేస్తారు. నిమ్మకాయ కమ్మటి పెరుగుతో చేసిన మజ్జిగకు. పుల్లటి మజ్జిగకు నిమ్మ వాసన కావాలంటే నిమ్మాకు ఉందిగా.

మసాలా లస్సీ అయితే

పంజాబీ ఉప్పు లస్సీ మన మజ్జిగ కంటే చాలా చిక్కన. కప్పు పెరుగుకు అర కప్పు నుంచి కప్పు నీళ్లే. అల్లం, మిరపకాయల జోలికి వెళ్లకుండా వేయించిన జీలకర్ర పొడి, నల్ల ఉప్పు, నాలుగు పుదీనా ఆకులతో బాగుంటుంది. నల్ల ఉప్పు వాసన ఘాటుగా ఉంటుంది కాబట్టి గ్లాసుకు చిటికెడు చాలు, మిగతాది మామూలు ఉప్పు.

లస్సీకి పెరుగు పులిసి ఉంటే నీళ్లు పోసి పలచన చేసే వీలు లేదు, చిక్కదనమే దాని రుచి. అందుకని ఇక్కడ పెరుగును చిలకకుండానే పలచటి శుభ్రమైన నూలు గుడ్డలో వేసి, మూటకట్టి, గిన్నె మీద వేలాడదీయండి. వేసవిలో అయితే జల్లెడలో గుడ్డ పరిచి, పెరుగు పోసి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లోకి తోసేయండి. అరగంట నుంచి ముప్పావు గంటలో పుల్లటి నీళ్లు కిందికి కారిపోతాయి. గుడ్డలో మిగిలిన గట్టి పెరుగును ముందు కొంచెం చల్లటి నీళ్లతో చిలికి, ఆ తర్వాత కారిపోయిన నీళ్లకు సరిపడా చల్లటి పాలు కలపండి. చిక్కదనం తిరిగి వస్తుంది, పులుపు దిగుతుంది. మిగిలిన పులుపుకు గ్లాసుకు అర చెంచా పంచదార వేస్తే ఉప్పు లస్సీకి అదేం దోషం కాదు.

అమెరికాలో ఉండేవాళ్లకు ఒక మాట. అక్కడ షాపుల్లో బటర్‌మిల్క్ అని అమ్మేది మన మజ్జిగ కాదు, పాలను తోడుపెట్టి చిక్కగా చేసినది, చాలావాటిలో ఉప్పు కలిపే ఉంటుంది. దాన్ని పెరుగు అనుకుని నీళ్లు పోసుకోండి, ఉప్పు మాత్రం రుచి చూశాకే. గ్రీక్ యోగర్ట్ అయితే నీళ్లు ముందే తీసేసిన గట్టి పెరుగు కాబట్టి కప్పుకు ఐదు కప్పుల నీళ్ల దాకా పడుతుంది.

పులుపా, పాడయిందా

పులిసిన పెరుగు వేరు, చెడిన పెరుగు వేరు. ఎంత పులిసినా వాసన శుభ్రంగా పుల్లగా ఉంటే భయం లేదు. కల్లు వాసన, పులిసిన పిండి వాసన వస్తూ పెరుగులో బుడగలు పొంగుతుంటే అందులో ఈస్ట్ చేరింది. పైన గులాబీ, నలుపు, ఆకుపచ్చ మచ్చలు కనిపిస్తే బూజు. ఆ మచ్చ వరకు గరిటెతో తీసేసి మిగతాది వాడదామని చూడకండి, మొత్తం పారబోయాలి. గరిటెతో ఎత్తితే జిగురుగా తీగలు సాగితే ఆ తోడు మార్చాల్సిందే. పులుపు కాకుండా చేదు తగిలితే పెరుగు బాగా పాతబడింది. ఇలాంటి వాటికి తేట వంపడం, పాలు కలపడం ఏవీ పనికిరావు.

ఇంకో విషయం, పుల్లటి పెరుగును ఇత్తడి, రాగి గిన్నెల్లో ఉంచకండి. కళాయి పూసినవైతే ఫర్వాలేదు. కళాయి లేని వాటిలో ఆమ్లం లోహాన్ని తింటుంది, మజ్జిగకు చిలుము రుచి వస్తుంది, అది కడుపుకు మంచిది కాదు. స్టీలు, గాజు, మట్టి పాత్రలు మేలు.

మళ్లీ మళ్లీ పులవకుండా

రోజూ పులుస్తోందంటే తోడు దగ్గరే ఏదో తేడా ఉంది. ఎండాకాలంలో అర లీటరు పాలకు అర టీస్పూను తోడు చాలు. పాలు వేలికి గోరువెచ్చగా తగలాలి, అంతకు మించి వేడిగా ఉండకూడదు. మే నెలలో నాలుగైదు గంటల్లోనే తోడుకుంటుంది. గిన్నె వంచితే పెరుగు అంచు నుంచి ఒకే ముక్కగా కదలాలి, ఆ క్షణానే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. రాత్రి పదింటికి తోడుపెట్టి పొద్దున్న ఎనిమిదింటికి చూసుకుంటే, తోడుకున్నాక కూడా ఐదు గంటలు అది ఊరికే పులుస్తూ కూర్చున్నట్టు. ఎండాకాలం మూడు నెలలూ తోడు పగలే పెట్టుకోండి. పొద్దున్న టిఫిన్ టైముకు పెడితే మధ్యాహ్నం రెండింటికి ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చు.

తోడుకు వాడే పెరుగు కూడా కమ్మటిదే కావాలి. పుల్లటి పెరుగుతో తోడుపెడితే పులుపు ఎక్కువగా పుట్టించే రకం బ్యాక్టీరియాదే పైచేయి అవుతూ వస్తుంది, రోజురోజుకూ పులుపు ఇంకా తొందరగా ఎక్కుతుంది. అలాంటప్పుడు పక్కింటివాళ్లను అడిగి ఒక చెంచా మంచి తోడు తెచ్చుకోండి. పెరుగులో కొబ్బరి ముక్క వేస్తే పులవదని అంటారు. నాకైతే దానివల్ల పెద్ద తేడా కనపడలేదు. ఫ్రిజ్ చేసే పని కొబ్బరి చేయలేదు.

పళ్లు జివ్వుమనే పులుపుకు మాత్రం మజ్జిగ ఆశ వదిలేసుకోండి. రెండుసార్లు తేట వంపి, పాలు పోసి, పంచదార వేసి దాన్ని తాగించేదాకా పట్టుపట్టడం వృథా శ్రమ. అది మజ్జిగ పులుసుకు పెట్టండి. ఆనపకాయ ముక్కలు ఉడికించి, చెంచాడు శనగపిండి కలిపిన ఆ మజ్జిగ పోసి, చిన్న మంట మీద కలుపుతూ ఒక్క పొంగు రానివ్వండి. శనగపిండి ఉంటే మజ్జిగ విరగదు. పుల్లట్లకు కూడా అదే కావాలి, బియ్యప్పిండిలో ఆ మజ్జిగ కలిపి ఓ పూట నాననిస్తే చాలు. మిరపకాయల సీజన్ అయితే చీల్చిన మిరపకాయల్ని ఉప్పు వేసిన ఆ పుల్లటి చల్లలోనే ఊరేసి ఎండబెట్టండి. ఊర మిరపకాయలకు కమ్మటి మజ్జిగ వాడితే రుచి రాదు, ఎంత పులిస్తే అంత మంచిది.